కేఓహెచ్ స్లైడ్ ఫొటోలో ఫంగస్ పోగుల్ని గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తామర అనుమానంతో చర్మం గీకి, కేఓహెచ్ వేసి, మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటోలో ఏది ఫంగస్, ఏది కాదు అనే విషయంలో ఎంఎల్‌టీ విద్యార్థులు, కొత్తగా చేరిన టెక్నీషియన్లు, స్కిన్ ఓపీలో కూర్చునే హౌస్ సర్జన్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. గోళ్లు, జుట్టు సంగతి ఇక్కడ పెద్దగా ఎత్తుకోలేదు. నడుము, గజ్జలు, తొడలు, వీపు మీద వచ్చే తామర స్లైడ్ గురించే రాశాను, ఎందుకంటే రోజూ వచ్చేవి అవే, పొరపడేది కూడా వాటి దగ్గరే.

కేఓహెచ్ వేస్తే చర్మం కరిగిపోతుంది కదా, మరి ఫంగస్ ఎందుకు కరగదు?

చర్మం పైపొరలో ఉండేది కెరాటిన్. పొటాషియం హైడ్రాక్సైడ్ గాఢమైన క్షారం కాబట్టి ఆ కెరాటిన్‌ను మెత్తబరిచి, కణాల్ని అతికించి ఉంచే పదార్థాన్ని వదులు చేస్తుంది, దాంతో కణాలు ఉబ్బి పారదర్శకంగా మారతాయి. ఫంగస్ గోడలో ఉండేది కైటిన్, గ్లూకాన్. అవి ఈ క్షారాన్ని చాలాసేపు తట్టుకుంటాయి. అందుకే చుట్టూ ఉన్న చర్మం మసకబారిపోతుంటే పోగులు మాత్రం గీతల్లా నిలబడి కనిపిస్తాయి.

"చాలాసేపు" అంటే ఎప్పటికీ అని కాదు. స్లైడ్‌ను గంటల తరబడి వదిలేస్తే ఫంగస్ గోడ కూడా దెబ్బతింటుంది, పైగా కేఓహెచ్ ఎండిపోయి స్ఫటికాలు కడుతుంది. ఒంటి మీది చర్మానికి 10 శాతం కేఓహెచ్‌లో 10 నుంచి 20 నిమిషాలు చాలు. అరచేయి, అరికాలు అయితే పొట్టు మందంగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త సమయం ఇవ్వాలి, లేదా 20 శాతం వాడాలి. 10 శాతం అంటే 10 గ్రాముల కేఓహెచ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మొత్తం 100 మిల్లీలీటర్లకు తేవడం. కలిపేటప్పుడు బాగా వేడెక్కుతుంది, గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు. కొంచెం గ్లిజరిన్ కలిపితే స్లైడ్ తొందరగా ఎండదు.

ఫొటో చేతికి రాగానే మొదట ఏం చూడాలి?

ఫంగస్ కోసం వెతకొద్దు. ముందు చర్మ కణాల్ని చూడండి. వినడానికి వింతగా ఉన్నా, నేను ఎవరికి నేర్పినా మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఫొటోలో కొలబద్ద కణమే. చర్మం పైపొర కణం బల్లపరుపుగా, కోణాలతో, సుమారు 30 నుంచి 40 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. కేఓహెచ్‌లో ఉబ్బాక ఇంకాస్త పెద్దగా కనిపించవచ్చు. తామర కలిగించే డెర్మటోఫైట్ల పోగు మందం మామూలుగా 2 నుంచి 4 మైక్రాన్లు. అంటే కణం వెడల్పులో సుమారు పదో వంతు. ఈ ఒక్క నిష్పత్తి బుర్రలో ఉంటే, ఫొటో మీద స్కేల్ లేకపోయినా, ఎవరో జూమ్ చేసి పంపినా, మీరు చూస్తున్న గీత ఫంగస్ కొలతలో ఉందో లేదో తేలిపోతుంది. కణంలో సగం మందం ఉన్న "పోగు" తామర పోగు కాదు.

రెండోది, కణాలు అసలు విడివడ్డాయా లేదా. ఫొటో అంతా నల్లగా, గుట్టగా, పొరల మీద పొరలుగా ఉంటే కేఓహెచ్ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం. అలాంటి ఫొటో మీద ఉంది అనీ చెప్పొద్దు, లేదు అనీ చెప్పొద్దు. ఇంకో పది నిమిషాలాగి, కవర్ స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి మెల్లగా నొక్కి, మళ్లీ తీయమనండి.

మూడోది, ఏ ఆబ్జెక్టివ్‌తో తీశారో అడగండి. 10ఎక్స్‌లో అనుమానం మాత్రమే వస్తుంది, తేల్చేది 40ఎక్స్‌లోనే. ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 18 అని ఉంటే, 40ఎక్స్‌లో కనబడే వృత్తం అడ్డంగా 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రాన్లు. అందులో పక్కపక్కన పదీ పన్నెండు కణాలు పడతాయి. ఫొటోలో రెండే కణాలు నిండుగా కనిపిస్తున్నాయంటే ఎవరో ఫోన్‌లో లాగి పెద్దది చేశారన్నమాట, అందులో కొత్త వివరం ఏమీ ఉండదు.

నిజమైన హైఫా ఎలా ఉంటుంది?

ఒక పోగును పట్టుకుని ఒక చివర నుంచి రెండో చివర దాకా కంటితో నడవండి. డెర్మటోఫైట్ హైఫా అయితే దాని రెండు అంచులూ సమాంతరంగా సాగుతాయి, పొడవునా మందం దాదాపు ఒకేలా ఉంటుంది. రంగు ఉండదు, కాకపోతే వెలుతురు తగ్గించి చూస్తే కొంచెం మెరుస్తూ లేత ఆకుపచ్చ ఛాయలో కనబడుతుంది. లోపల అక్కడక్కడా అడ్డుగోడలు, అంటే సెప్టాలు ఉంటాయి. కొన్నిచోట్ల కొమ్మ చీలుతుంది, చీలిన కొమ్మ మందం కూడా తల్లి పోగు మందానికి దగ్గరగానే ఉంటుంది.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. వీటిలో నేను అన్నింటికన్నా ఎక్కువ నమ్మేది ఇంకొకటి ఉంది: హైఫా కణాల సరిహద్దుల్ని పట్టించుకోదు. ఒక కణంలో మొదలై, దాని గట్టు దాటి, పక్క కణం మధ్యలోంచి సాగి, మూడో కణాన్ని ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. కారణం సులువే, అది కెరాటిన్‌ను తింటూ పొరలోకి పెరిగే జీవి, దానికి కణం అంచు వెంటే వెళ్లాల్సిన అవసరం లేదు. మీరు చూస్తున్న గీత మూడు నాలుగు కణాల్ని వాటి అంచులతో సంబంధం లేకుండా దాటి వెళ్లిందంటే, మందం కూడా సరిపోయిందంటే, అది హైఫా కావడానికే చాలా ఎక్కువ అవకాశం.

సెప్టాలు ప్రతి ఫొటోలోనూ కనబడవు. ఫోకస్ కాస్త అటూ ఇటూ అయితే మాయమైపోతాయి. అందుకని సెప్టా కనబడలేదు కాబట్టి ఫంగస్ కాదు అనేయొద్దు. కానీ కనబడితే మాత్రం అది బలమైన సాక్ష్యం, ఎందుకంటే దూదిపోగుకీ, వెంట్రుకకీ, కణం అంచుకీ అడ్డుగోడలుండవు.

ఫొటో నిండా వలలా అల్లుకుని ఉంది, ఇంత ఫంగస్ ఎక్కడైనా ఉంటుందా?

ఉండొచ్చు, కానీ వల అనగానే ముందు అనుమానించాల్సింది మొజాయిక్ ఫంగస్ అనే దాన్ని. పేరులో ఫంగస్ ఉంది గానీ అది ఫంగస్ కాదు. కణాల మధ్య సందుల్లో ఉండే కొవ్వు పదార్థం, ముఖ్యంగా కొలెస్టరాల్, కేఓహెచ్‌లో పేరుకుని గీతల్లా కనిపించడమే అది. గచ్చు మీద టైల్స్ మధ్య సిమెంటు గీతలు ఎలా ఉంటాయో అలాగే, ప్రతి గీతా ఒక కణానికి సరిహద్దు. అరచేతులు, అరికాళ్ల పొట్టులో ఇది మరీ ఎక్కువగా కనబడుతుంది, కొత్తవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

విడదీసి చూసే పద్ధతి చెబుతాను. వలలో ఏదో ఒక గీతను ఎంచుకుని దాని వెంట వెళ్లండి. అది ప్రతి ముప్పై నలభై మైక్రాన్లకీ మలుపు తిరుగుతుందా, మలుపు తిరిగిన చోటల్లా మూడు గీతలు కలుస్తున్నాయా? అలాగైతే మీరు కణం గట్టు మీద నడుస్తున్నారు. మందం చూడండి: మొజాయిక్‌లో గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, మధ్యలో ముక్కలు ముక్కలుగా, పూసలు గుచ్చినట్టు ఉంటుంది. అంచులు సమాంతరంగా ఉండవు, ఒక అంచు లోపలికి నొక్కుకుపోయి, రెండోది నిటారుగా ఉంటుంది. లోపల సెప్టాలుండవు. ఒక్కోసారి గీత ఏ కారణం లేకుండా టక్కున ఆగిపోతుంది.

హైఫేలు కూడా గుంపుగా ఉన్నప్పుడు వలలాగే కనిపిస్తాయి, కాదనను. తేడా ఏమిటంటే వాటి వలలో గళ్లు కణాల ఆకారంలో ఉండవు. ఒక గడి చిన్నదిగా, ఇంకోటి మూడు కణాలంత పెద్దదిగా, కొన్ని చోట్ల పోగు మీద నుంచి పోగు దాటుతూ ఉంటుంది. ఒకదాని మీదుగా ఒకటి దాటడం అన్నది కణాల అంచులకు సాధ్యం కాదు, అవి ఒకదాన్నొకటి తాకి ఆగిపోతాయి.

స్లైడ్ ఇంకా చేతిలో ఉంటే మరో పరీక్ష ఉంది. ఇంకాసేపు కేఓహెచ్‌లో ఉంచి కవర్ స్లిప్‌ను మెల్లగా నొక్కండి. కణాలు ఒకదానికొకటి దూరం జరిగేకొద్దీ మొజాయిక్ వల చెదిరిపోతుంది, మసకబారుతుంది. నిజమైన హైఫే ఇంకా స్పష్టంగా బయటపడతాయి. ఫొటో పంపేవాళ్లను నేను అడిగేది కూడా ఇదే, ఒకే చోటుని పావుగంట తేడాతో రెండుసార్లు తీసి పంపండి అని.

దూదిపోగు, బట్టపోగు, వెంట్రుక: వీటిని ఎలా పక్కన పెట్టాలి?

నూలు పోగు కొలతలోనే దొరికిపోతుంది. పది మైక్రాన్లకు పైనే ఉంటుంది, అంటే హైఫా కన్నా కొన్ని రెట్లు లావు. చదునుగా, మెలి తిరిగి ఉంటుంది కాబట్టి ఒకచోట వెడల్పుగా, మెలి దగ్గర సన్నగా కనబడుతుంది. చివర చిరిగి పీచులా ఉంటుంది.

కాస్త ఇబ్బంది పెట్టేవి సింథటిక్ పోగులు, ఎందుకంటే వాటి మందం పొడవునా ఒకేలా ఉంటుంది, అంచులు కూడా సమాంతరమే. అయినా అవి కూడా హైఫా కన్నా చాలా లావు, కొమ్మలుండవు, సెప్టాలుండవు, అన్నింటికన్నా ముఖ్యంగా అవి కణాల పొరలో ఉండవు. చర్మం ముక్క అంచు దాటి ఖాళీ ద్రవంలోకి సాగిపోతుంటాయి. కణాలకు ఫోకస్ పెడితే పోగు మసకగా, పోగుకు ఫోకస్ పెడితే కణాలు మసకగా ఉన్నాయంటే రెండూ వేరువేరు ఎత్తుల్లో ఉన్నాయన్నమాట, అది పైనుంచి పడ్డ చెత్త. హైఫా పొట్టు లోపలే ఉంటుంది, కణాలతో పాటే ఫోకస్‌లోకి వస్తుంది.

నూగు వెంట్రుకకు ఒకవైపు కొస సన్నబడుతుంది, పైన పొలుసుల గీతలో, లోపల రంగో కనబడుతుంది. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు.

దూది సమస్య అసలు రాకుండా చూసుకోవచ్చు. చాలామంది స్పిరిట్ దూదితో తుడిచి, ఆ చోటు ఆరకముందే గీకేస్తారు, దూది పీచంతా స్లైడ్ మీదకే వస్తుంది. 70 శాతం ఆల్కహాల్‌తో గాజ్ వాడి తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తుడవడం వల్ల రోగి పూసుకున్న ఆయింట్‌మెంటు కూడా పోతుంది, లేకపోతే నూనె బొట్లతో స్లైడ్ నిండిపోతుంది.

గుండ్రటివి, సూదుల్లాంటివి కనిపిస్తున్నాయి?

నల్లటి మందమైన అంచుతో, మధ్యలో ఖాళీగా ఉన్న గుండ్రటివి గాలి బుడగలు. చిన్నా పెద్దా కలగలిసి, నున్నగా మెరిసేవి నూనె లేదా కొవ్వు బొట్లు. పొడవాటి సూదులు, ఈకల్లా విచ్చుకున్న ఆకారాలు స్లైడ్ అంచుల్లో మొదలై లోపలికి వస్తుంటే అవి కేఓహెచ్ స్ఫటికాలు, స్లైడ్ ఎండిపోయింది లేదా మంట మీద మరీ వేడి చేశారు. మంట పైనుంచి రెండు మూడుసార్లు తిప్పితే చాలు, పొంగనివ్వకూడదు.

పోగు కాదు, చిన్న చిన్న గదుల వరుసలా ఉంది. అది కూడా ఫంగసేనా?

అవును, చాలాసార్లు అవునే. డెర్మటోఫైట్ హైఫా ముదిరితే సెప్టాల దగ్గర విడిపోయి పొట్టి గదులుగా మారుతుంది, వీటిని ఆర్థ్రోకొనిడియా అంటారు. చతురస్రంగానో, పీపా ఆకారంలోనో, ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. వరుసను గమనించండి, అదే ఇక్కడ గుర్తు: విడిపోయినా అవి ఒకప్పటి పోగు దారిలోనే ఉంటాయి, ఆ దారి కణాల గట్లను పట్టించుకోదు. మొజాయిక్‌లోని పూసలు కూడా వరుసగానే ఉంటాయి గానీ కణం చుట్టూ తిరుగుతాయి. చాలాకాలంగా ఉన్న మచ్చల్లో ఈ గదుల వరుసలు ఎక్కువ.

శోభి మచ్చల స్లైడ్, కాండిడా స్లైడ్ దీనికి ఎలా తేడా?

శోభి కలిగించేది మలాసీజియా. అందులో పోగులు పొడవుగా సాగవు, పొట్టిగా, కాస్త వంపు తిరిగి, మొద్దు చివరలతో ఉంటాయి, వాటి మధ్యలో గుండ్రటి ఈస్ట్ కణాలు గుంపులు గుంపులుగా కూర్చుని ఉంటాయి. పొట్టి పోగులు, గుండ్రటి గుంపులు రెండూ ఒకే ఫీల్డ్‌లో కనిపిస్తే ఇంకేమీ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మలాసీజియా ఈస్ట్ అందరి చర్మం మీదా మామూలుగా ఉండేదే. ఈస్ట్ మాత్రమే కనబడి పోగులు లేకపోతే దాన్ని జబ్బుగా రాయకూడదు.

కాండిడాలో మొగ్గ తొడిగిన ఈస్ట్ కణాలు, వాటితో పాటు సూడోహైఫే ఉంటాయి. సూడోహైఫా అంటే మొగ్గలు విడిపోకుండా సాగి పోగులా మారడం, అందుకే ప్రతి అతుకు దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. డెర్మటోఫైట్ హైఫా సెప్టా దగ్గర అలా నొక్కుకుపోదు, అంచులు నిటారుగానే ఉంటాయి. కాండిడా నిజమైన హైఫే కూడా వేయగలదు కాబట్టి పోగు ఒక్కటే చూసి తేల్చొద్దు, దాని పక్కన మొగ్గ తొడిగిన కణాలు ఉన్నాయా అని వెతకండి. గజ్జల్లో, రొమ్ముల కింద మడతల్లోంచి తీసిన స్క్రేపింగ్ అయితే ఇది తప్పకుండా చేయాలి, అక్కడ తామరా వస్తుంది, కాండిడా కూడా వస్తుంది.

ఒక్క ఫొటో చూసి చెప్పమంటే కష్టమా?

కష్టమే, ఎందుకో చెబుతాను. మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న మనిషి ఎడమ చెయ్యి ఎప్పుడూ ఫైన్ ఫోకస్ మీదే ఉంటుంది. అటూ ఇటూ తిప్పుతూ పోగు ఏ ఎత్తులో ఉందో, లోపల గోడలున్నాయో లేదో, మీద నుంచి దాటుతోందో కలుస్తోందో చూస్తుంటారు. ఫొటో ఆ తిప్పడాన్ని ఒక్కచోట ఆపేస్తుంది. అందుకే నా మాట, ఫొటో బదులు ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీయండి, తీస్తూ ఫైన్ ఫోకస్‌ను మెల్లగా తిప్పండి. అది కుదరకపోతే ఒకే చోట మూడు ఫోకస్‌లలో మూడు ఫొటోలు తీయండి.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. కేఓహెచ్ స్లైడ్‌కు రంగు లేదు, పోగుకీ రంగు లేదు. బ్లడ్ స్మియర్ చూసినట్టు కండెన్సర్ పూర్తిగా పైకెత్తి, లైటు నిండా పెడితే పోగులు వెలుతురులో కరిగిపోయినట్టు మాయమైపోతాయి, ఫొటో తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా వస్తుంది, "నెగటివ్" అని రాసేస్తారు. కండెన్సర్ కిందికి దించండి, డయాఫ్రం చాలా వరకు మూయండి, అప్పుడు అంచులు తేలతాయి. నా చేతికి వచ్చిన ఖాళీ ఫొటోల్లో చాలావాటికి నేను మొదట అడిగేది కండెన్సర్ గురించే.

40ఎక్స్ ఆబ్జెక్టివ్ కవర్ స్లిప్‌కు చాలా దగ్గరగా వస్తుంది. పక్కలకు కారిన కేఓహెచ్‌ను ముందే బ్లాటింగ్ పేపర్‌తో తీసేయండి, లెన్స్‌కు తగిలితే పాడవుతుంది.

ఒక ఫొటోను మొదటి నుంచి చివరిదాకా చదివి చూపిస్తారా?

చీర కట్టే ఆడవాళ్లలో నడుము చుట్టూ, లంగా బొందు బిగించే చోట వచ్చే తామర మన దగ్గర చాలా మామూలు. చెమట, ఒరిపిడి, బిగుతు మూడూ అక్కడే కలుస్తాయి. అలాంటి మచ్చ ఒకటి అనుకుందాం: కుడివైపు నడుము మీద చుట్టుగా, అంచు ఎర్రగా లేచి సన్నటి పొట్టుతో, మధ్యలో కాస్త మానినట్టుగా ఉంది. 15వ నంబరు బ్లేడుతో అంచు మీద నుంచి, లోపలి నుంచి బయటికి గీకి, నల్ల కాగితం మీద పొట్టు పట్టారు. 10 శాతం కేఓహెచ్, పావుగంట. రెండు ఫొటోలు వచ్చాయి, రెండూ 40ఎక్స్‌లో తీసినవే.

మొదటి ఫొటో. కణాలు బాగా విడివడ్డాయి, పక్కపక్కన పదిదాకా లెక్కపెట్టవచ్చు, కాబట్టి జూమ్ చేసింది కాదు. ఎడమవైపు సగం అంతా మెరిసే వల ఉంది. చూడగానే పాజిటివ్ అనాలనిపిస్తుంది. ఒక గీత పట్టుకుని వెళితే, కణం మూలకు రాగానే మలుపు, అక్కడ మూడు గీతల కలయిక, మళ్లీ ఒక కణం పొడవు నడక, మళ్లీ మలుపు. మధ్యలో తెగిపోయి ముక్కలుగా ఉంది. ఎక్కడా పోగు మీద నుంచి పోగు దాటలేదు. ఇది మొజాయిక్. ఈ ఒక్క ఫొటోనే ఉంటే నేను పాజిటివ్ అని రాయను. నెగటివ్ అని కూడా రాయను, ఎందుకంటే ఇది ఒక్క ఫీల్డే.

రెండో ఫొటో అదే స్లైడ్‌లో వేరే ముక్క నుంచి. కుడి పైమూల దగ్గర ఒక గీత మొదలై ఏటవాలుగా కిందికి వస్తోంది. కణం వెడల్పులో పదో వంతు మందం ఉంది. ఐదు కణాల్ని దాటింది, రెండుచోట్ల కణం మధ్యలోంచే వెళ్లింది. అంచులు సమాంతరం. మూడో కణం మీద లోపల సన్నటి అడ్డుగీత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి, సెప్టాలే అనిపిస్తోంది. నాలుగో కణం దగ్గర కొమ్మ చీలింది, కొమ్మ మందం తల్లి పోగు లాగే ఉంది. కింద చివర మాత్రం ఫోకస్ తప్పి మసకైంది, అక్కడ ఏముందో ఈ ఫొటోలో చెప్పలేం, చెప్పాల్సిన అవసరమూ లేదు. మొగ్గ తొడిగిన ఈస్ట్ కణాలు చుట్టుపక్కల లేవు. ఇది డెర్మటోఫైట్ హైఫా. స్లైడ్ పాజిటివ్.

ఇక్కడ గమనించాల్సింది, కంటికి ఎక్కువగా ఆనినది మొదటి ఫొటోలోని వల, అసలు జవాబు ఉన్నది రెండో ఫొటోలోని ఒక్క పోగులో. పాజిటివ్ అనడానికి ఎన్ని పోగులు కావాలి అని చాలామంది అడుగుతారు. సందేహం లేకుండా హైఫా అని తేలితే ఒక్కటి చాలు.

ఫొటోల్లో ఏమీ లేదు. రోగికి తామర లేనట్టేనా?

కాదు. చూడటానికి తామరలాగే ఉండి స్లైడ్ నెగటివ్ వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి, మొదటి కారణం గీకిన చోటు. తామర మచ్చలో ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులో, మధ్యలో కాదు. మధ్యలో గీకితే పొట్టు వస్తుంది గానీ పోగులు దొరకవు. రెండో కారణం, రోగి అప్పటికే ఫంగస్ క్రీమ్ పూసుకుంటూ ఉండటం. మూడోది, పొట్టు చాలా తక్కువగా తీయడం, ఒక కవర్ స్లిప్ కింద నాలుగు కణాలుంటే ఏం కనబడుతుంది? నాలుగోది పైన చెప్పిన కండెన్సర్. స్లైడ్ మొత్తం 10ఎక్స్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వరుసగా జరుపుతూ చూశాకే నెగటివ్ అనాలి, రెండు ఫీల్డ్‌లు చూసి కాదు.

చూపుకు తామర అని గట్టిగా అనిపిస్తే వేరే అంచు నుంచి మళ్లీ తీయించండి. క్రీమ్ వాడుతుంటే, డాక్టరు సరే అంటే, రెండు వారాలు ఆపించి తీయడం మేలు.

మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ పూసుకున్నారు, మచ్చ తామరలా లేదు. స్లైడ్ పనికొస్తుందా?

అలాంటి రోగికే బాగా పనికొస్తుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఎరుపును, దురదను అణచేస్తుంది, గుండ్రటి అంచు చెరిగిపోతుంది, చూపుకి ఎగ్జిమా లాగానో, ఇంకేదోలాగానో కనబడుతుంది. కానీ ఒంటి ప్రతిఘటన తగ్గిపోవడంతో ఫంగస్ హాయిగా పెరుగుతుంది. ఆ చర్మం గీకితే స్లైడ్ నిండా పోగులు కనబడటం మామూలే. అందుకే మచ్చ ఆకారం చూసి "ఇది తామర కాదులే" అని స్క్రేపింగ్ మానేయొద్దు. షాపులో చీటీ లేకుండా కొనుక్కున్న ఆ ట్యూబు ఎంతమంది ఒంటి మీద తామరను నెలల తరబడి పెంచుతోందో చూస్తుంటే నిజంగా బాధేస్తుంది. రోగి ఏ క్రీమ్ వాడారో ట్యూబు తెప్పించుకుని చూడండి, రిక్వెస్ట్ ఫారం మీద రాయండి.

పోగుల్ని చూసి ఏ ఫంగసో, మందుకు లొంగుతుందో లేదో చెప్పగలమా?

చెప్పలేం. ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అయినా, ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ అయినా చర్మంలో పోగు ఒకేలా ఉంటుంది. 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినే, అదే మన దేశంలో మొండి తామరకు ప్రధాన కారణంగా చెబుతున్నది, దాని పోగు కూడా కేఓహెచ్‌లో అదే రూపంలో కనబడుతుంది. దీనిలో టెర్బినఫిన్‌కు లొంగని రకాలున్నాయి, అందుకు కారణం స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ జన్యువులో వచ్చే మార్పులు. ఆ మార్పు మైక్రోస్కోప్‌లో కనిపించేది కాదు. జాతి తెలియాలంటే సబరాడ్ మీడియం మీద కల్చర్ పెట్టి నాలుగు వారాల దాకా చూడాలి, ఇండోటినే అని ఖాయం చేయాలంటే డీఎన్ఏ పరీక్ష కావాలి.

ఇంకోటి, పోగు బతికి ఉందో చచ్చిపోయిందో కూడా కేఓహెచ్ చెప్పదు. చికిత్స మధ్యలో స్లైడ్ పాజిటివ్ వచ్చిందని మందు పని చేయడం లేదని అనుకోకూడదు, పొట్టుతో పాటు రాలిపోవాల్సిన పాత పోగులు కూడా అందులో ఉండొచ్చు.

రంగు వేస్తే సులువవుతుందా?

కొంత వరకు. కేఓహెచ్‌లో పార్కర్ బ్లూ-బ్లాక్ సిరా కలిపి వాడే అలవాటు చాలా చోట్ల ఉంది, పోగులు నీలంగా తేలతాయి. క్లోరజాల్ బ్లాక్ ఇ కైటిన్‌ను పట్టుకుంటుంది, అందువల్ల మొజాయిక్‌తో గందరగోళం బాగా తగ్గుతుంది. కాల్కోఫ్లోర్ వైట్ వేస్తే పోగులు వెలుగుతాయి గానీ దానికి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కావాలి, నూలు పోగులు కూడా వెలుగుతాయని మరవొద్దు, అది సెల్యులోజ్‌కు కూడా అంటుకుంటుంది. అక్కడ మళ్లీ మందం, కొమ్మలు, సెప్టాలే చూసుకోవాలి.

రిపోర్టులో ఏమని రాయాలి?

చూసింది చూసినట్టు రాయండి. "రంగులేని, సెప్టాలున్న, కొమ్మలు చీలిన హైఫే కనిపించాయి" అని రాస్తే డాక్టరుకు అర్థమవుతుంది, "ట్రైకోఫైటాన్ ఉంది" అని రాయకూడదు. ఈస్ట్ ఉంటే మొగ్గలున్నాయా, సూడోహైఫే ఉన్నాయా అన్నది విడిగా రాయాలి. ఏమీ లేకపోతే "ఈ స్లైడ్‌లో ఫంగస్ పోగులు కనిపించలేదు" అని రాయాలి, "ఫంగస్ లేదు" అని కాదు. శాంపిల్ తక్కువగా ఉన్నా, కణాలు విడివడకపోయినా ఆ మాట కూడా రాసి, మళ్లీ పంపమని అడగండి. ఫొటో దాచిపెడితే ఆబ్జెక్టివ్, కేఓహెచ్ శాతం, ఎంతసేపు ఉంచారు, ఎక్కడ గీకారు అన్నవి ఫొటోతో పాటే రాసి పెట్టుకోండి, రోగి పేరు మాత్రం ఫొటో మీద వేయొద్దు.